గర్భిణికి ఫిట్స్ మాత్రలు: మానాలా, మార్చాలా?

ఫిట్స్‌కు మందు వాడుతున్న అమ్మాయి తల్లి కావాలనుకుంటే ఏం చేయాలి? మానేస్తే ఆమెకు ముప్పు. కొన్ని మందులను అలాగే కొనసాగిస్తే పుట్టబోయే బిడ్డకు ముప్పు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచే పద్ధతి ఒకటి ఉంది. ఆ పని నెల తప్పాక మొదలుపెడితే సగం అవకాశం చేజారినట్టే.

చాంద్రాయణగుట్ట నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని ఎర్రకుంట, షాహీన్‌నగర్ దాటితే పహాడీషరీఫ్ గుట్ట కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల బస్తీలతో పెరిగిన ఊరు జల్‌పల్లి. ఇక్కడివాళ్లకు జ్వరం వస్తే సందు చివరి క్లినిక్, కాన్పు అంటే పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రి, నరాల డాక్టరు కావాలంటే ఉస్మానియా లేదా పంజాగుట్టలోని నిమ్స్. ఫిట్స్ మందు లాంటిది ఒకసారి పెద్ద డాక్టరు రాసిస్తే, ఆ తర్వాత అదే చీటీ చూపించి మెడికల్ షాపులో ఏళ్ల తరబడి కొనుక్కోవడం చాలా ఇళ్లలో మామూలే. రోజుకూలి వదులుకుని పంజాగుట్ట దాకా వెళ్లి లైన్లో నిలబడడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు దాన్ని తప్పుపట్టలేరు. అయితే ఆ చీటీ రాసిన నాడు ఆమె బడికి వెళ్లే పిల్ల. ఇప్పుడు పెళ్లీడుకు వచ్చింది. మందు మాత్రం అదే.

అలాంటి ఒక అమ్మాయిని ఊహించుకుందాం. వయసు 22. పదిహేనో ఏట మొదలైంది జబ్బు. పొద్దున నిద్రలేచిన కాసేపటికి చేతులు ఉలిక్కిపడ్డట్టు ఎగిరేవి, చేతిలోని చాయ్ గ్లాసు జారిపోయేది. పెళ్లింట్లో రాత్రంతా మేల్కొన్న మర్నాడు పెద్ద ఫిట్స్ వచ్చి పడిపోయింది. డాక్టర్లు దీన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. వాల్‌ప్రోయేట్ పొద్దున 500, రాత్రి 500 మిల్లీగ్రాములు రాశారు. మూడేళ్లుగా ఒక్క ఫిట్స్ కూడా రాలేదు. ఇప్పుడు సంబంధం కుదిరింది. “అత్తగారింట్ల తెలిస్తే ఏమంటరో, గీ గోలీలు ఇగ బంద్ చెయ్యి బిడ్డా” అంటుంది తల్లి. “డాక్టర్ రాసిన గోలీలే గదా, ఏం గాదు, ఏస్కోనియ్యి” అంటుంది మేనత్త. ఇద్దరిదీ ప్రేమే. ఇద్దరి మాటా ప్రమాదమే.

నెల తప్పేసరికి సగం గడువు పోతుంది

బిడ్డ మెదడు, వెన్నుపాము మొదట ఒక పలకలా ఉంటాయి. ఆ పలక రెండు అంచులూ పైకి లేచి, ఒకదానితో ఒకటి కలిసి గొట్టంలా మూసుకుంటాయి. న్యూరల్ ట్యూబ్ అంటే ఇదే. పిండం ఏర్పడిన 28వ రోజుకల్లా ఈ మూసుకోవడం పూర్తవుతుంది. పైభాగం మూసుకోకపోతే పుర్రె, మెదడు సరిగా ఏర్పడవు. అలాంటి బిడ్డ బతకదు. కింది భాగం మూసుకోకపోతే వెన్ను చీలి ఉంటుంది. దాని పేరు స్పైనా బైఫిడా. ఆ బిడ్డకు కాళ్లలో బలం, మలమూత్రాల మీద పట్టు లేకపోవచ్చు.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టి చూడండి. నెలసరి సరిగ్గా వచ్చే స్త్రీకి నెల తప్పిందని తెలిసేది పిండం ఏర్పడిన 14 రోజులకు. ఇంకో వారం చూద్దామనుకుంటే 21. పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పి, ఆశా కార్యకర్త పేరు రాసుకుని, మొదటిసారి ఆస్పత్రికి వెళ్లేసరికి రెండో నెలో మూడో నెలో. అప్పటికి ఆ గొట్టం మూసుకుని ఉంటుంది, లేదా మూసుకోకుండా మిగిలిపోయి ఉంటుంది. ఆ రోజు డాక్టరు ఎంత మంచి మందు రాసినా జరిగిపోయినదాన్ని వెనక్కి తేలేదు.

అందుకే ఈ అమ్మాయి విషయంలో మొదటి సంప్రదింపు పెళ్లి కుదిరిన రోజుల్లోనే జరగాలి. కనీసం గర్భం ధరించాలనుకునే సమయానికి ఆర్నెల్ల నుంచి ఏడాది ముందు.

నూటికి ఎందరు?

“ఈ మందు బిడ్డకు హాని చేస్తుందా?” అని అడిగితే ఔను, కాదు అన్న జవాబు ఎవరికీ ఉపయోగపడదు. అడగాల్సింది ఇలా: ఈ మందు, ఈ మోతాదులో, గర్భంలోని ఈ వారాల్లో వాడితే, నూరు మంది బిడ్డల్లో ఎందరికి లోపం వస్తుంది? ఏ మందూ వాడని తల్లులకు ఎందరికి వస్తుంది? ఈ రెండింటి మధ్య తేడాయే మందు తెచ్చే ముప్పు.

ఏ మందూ వాడని తల్లులకు పుట్టే నూరు మందిలోనూ ఇద్దరు ముగ్గురికి పెద్ద పుట్టులోపం ఉంటుంది. ఇది మొదట గుర్తుపెట్టుకోవాలి. గర్భిణులపై మందులను ప్రయోగించి చూడడం తగదు కాబట్టి, మిగతా అంకెలు రిజిస్టర్ల నుంచే వచ్చాయి. ఎలాగూ మందు వాడుతున్న గర్భిణుల పేర్లు ముందే నమోదు చేసుకుని, బిడ్డ పుట్టి పెరిగేదాకా గమనిస్తారు. మన దేశంలో ఆ పని మొదలుపెట్టింది తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ. డాక్టర్ సంజీవ్ వి. థామస్ నాయకత్వంలో 1998లో కేరళ రిజిస్టర్ మొదలైంది. వాల్‌ప్రోయేట్ మోతాదు పెరిగేకొద్దీ లోపాలు పెరగడం వాళ్లూ గమనించారు.

అన్నిటికన్నా పెద్దది యూరాప్ అనే అంతర్జాతీయ రిజిస్టర్. 40కి పైగా దేశాల్లో, 7 వేలకు పైగా గర్భాలను గమనించి 2018లో ఫలితాలు ప్రకటించింది. ఒకే మందు వాడిన తల్లుల బిడ్డల్లో పెద్ద లోపాలు ఇలా కనిపించాయి. వాల్‌ప్రోయేట్‌తో నూటికి 10 మందికి. ఊళ్లలో గార్డినాల్ అని పిలిచే ఫీనోబార్బిటోన్‌తో, ఫెనిటాయిన్‌తో ఆరున్నర దరిదాపుల్లో. కార్బమజెపిన్‌తో ఐదున్నర. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్‌లతో మూడు లోపే. అంటే చివరి రెండింటి అంకె ఏ మందూ వాడనివాళ్ల అంకెకు దగ్గరగా ఉంది.

వాల్‌ప్రోయేట్‌ను మోతాదు వారీగా విడదీస్తే విషయం ఇంకా తేటపడుతుంది. రోజుకు 650 మిల్లీగ్రాముల లోపు అయితే నూటికి 6. దాటి 1450 వరకు 11. అంతకు మించితే 25. మన అమ్మాయి వాడేది 1000. కాబట్టి ఆమె నూటికి 11 వరసలో ఉంది. నూటికి 89 మంది పిల్లలు పెద్ద లోపం లేకుండానే పుడతారన్నది నిజమే. “మా వదిన వాడింది, పిల్లలు బాగానే ఉన్నారు” అనే మాట ఇందుకే ఎక్కువగా వినిపిస్తుంది. అయితే ఆ మాట ముప్పు లేదని నిరూపించదు.

పైగా కంటికి కనిపించే లోపమే అంతా కాదు. అమెరికా, బ్రిటన్‌లలో జరిగిన నీడ్ అధ్యయనం ఈ పిల్లలను ఆరేళ్ల వయసు వరకు గమనించి 2013లో ఫలితాలు వెల్లడించింది. గర్భంలో వాల్‌ప్రోయేట్ సోకిన పిల్లల సగటు ఐక్యూ 97. లామోట్రిజిన్, ఫెనిటాయిన్ సోకినవాళ్లది 108, కార్బమజెపిన్ వాళ్లది 105. పుట్టినప్పుడు చక్కగా కనిపించిన బిడ్డే బడిలో మాటల్లో, జ్ఞాపకంలో వెనకబడవచ్చు. మెదడు ఎదుగుదల తొమ్మిది నెలలూ సాగుతుంది కాబట్టి ఈ ముప్పు మొదటి మూడు నెలలతో ముగిసిపోదు. ఇందుకే బ్రిటన్ 2018 నుంచి, గర్భం రాకుండా తగిన ఏర్పాటు ఉంటే తప్ప పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు వాల్‌ప్రోయేట్ ఇవ్వకూడదని నియమం పెట్టింది.

తక్కెడలో రెండో వైపు

ఇంతవరకు చదివిన తల్లి “నేను అన్నది అదే గదా, బంద్ చేస్తే సరి” అనవచ్చు. రెండో వైపు ఏముందో చూడకుండా ఆ నిర్ణయానికి రాకూడదు.

ఫిట్స్ మందును ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెట్టడమే కాదు, ఆగకుండా వరసగా రావచ్చు. ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్‌లో గర్భిణి పడితే కడుపుకు దెబ్బ తగులుతుంది. ఆ కొద్ది నిమిషాలు తల్లికి ఊపిరి అందదు, బిడ్డకూ ఆక్సిజన్ తగ్గుతుంది. నిద్రలో ఫిట్స్ వచ్చి ఉన్నట్టుండి ప్రాణం పోవడమూ ఉంది. అమెరికాలో ఆస్పత్రి కాన్పుల లెక్కలు తీస్తే, మూర్ఛ జబ్బున్న గర్భిణుల్లో మరణాలు లక్షకు 80, జబ్బు లేనివాళ్లలో లక్షకు 6 అని 2015లో తేలింది. మన అమ్మాయి జబ్బు రకం మరీ మొండిది. మందు ఉన్నంతకాలం చక్కగా అణిగి ఉంటుంది, తీసేస్తే చాలామందిలో తిరిగి వస్తుంది. కాన్పు తర్వాత పసిబిడ్డతో నిద్రలేని రాత్రులు దానికి తోడవుతాయి.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆమెకు వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తోంది. ఈ రకం ఫిట్స్‌ను అణచడంలో దానికి సాటి వచ్చే మందులు తక్కువ. కార్బమజెపిన్, ఫెనిటాయిన్ అయితే ఆ ఉలికిపాట్లను ఇంకా పెంచుతాయి. అంటే మందుల పట్టిక చూసి తక్కువ అంకె ఉన్నదాన్ని ఎంచుకుంటే సరిపోదు. ఆమె జబ్బు రకానికి పనికొచ్చేవాటిలో తక్కువ ముప్పున్నది కావాలి. అది డాక్టరే తేల్చాలి, కొన్నిసార్లు ఈఈజీ పరీక్ష మళ్లీ చేసి.

మార్చే పద్ధతి

ఈమె విషయంలో న్యూరాలజిస్టు ముందుగా ఆలోచించేది లెవెటిరాసెటమ్. వాల్‌ప్రోయేట్‌ను తీసేసి మర్నాటి నుంచి ఇది వేసుకోమని ఎవరూ చెప్పరు. పాతది అలాగే ఉంచి, కొత్తదాన్ని రోజుకు రెండు పూటలు చిన్న మోతాదులో మొదలుపెట్టి, వారం రెండు వారాల్లో పనిచేసే మోతాదుకు తీసుకెళతారు. అది కుదురుకున్నాక పాతదాన్ని వారాల తరబడి మెట్టు మెట్టుగా తగ్గిస్తారు. ఈ కాలంలో ఇంట్లోవాళ్లు గమనించాల్సినవి రెండు. పొద్దుటి ఉలికిపాట్లు మళ్లీ మొదలయ్యాయా? ఆమెకు అకారణంగా కోపం, చిరాకు, దిగులు పెరిగాయా? రెండోది లెవెటిరాసెటమ్ కొందరిలో తెచ్చే ఇబ్బంది. కొత్త కోడలి స్వభావమే అంతని అనుకుంటే అసలు కారణం మరుగున పడిపోతుంది.

అది పడకపోతే లామోట్రిజిన్ ఉంది. దాన్ని వాల్‌ప్రోయేట్ వాడుతుండగా మొదలుపెట్టాలంటే చాలా నిదానం కావాలి. వాల్‌ప్రోయేట్ లివర్‌లో లామోట్రిజిన్ కరగకుండా అడ్డుపడి దాని స్థాయిని దాదాపు రెట్టింపు చేస్తుంది. తొందరపడి పెంచితే ఒంటిమీద, నోటిలో పొక్కులు లేచి ప్రాణం మీదికి వచ్చే చర్మవ్యాధి రావచ్చు. పైగా కొందరిలో ఉలికిపాట్లను ఇదీ పెంచుతుంది. రెండూ కుదరకపోతే ఆఖరి మార్గంగా వాల్‌ప్రోయేట్‌నే ఫిట్స్ రాని అతి తక్కువ మోతాదుకు దించి, అన్నీ వివరించి, భార్యాభర్తల అంగీకారంతో కొనసాగిస్తారు. మోతాదు 650 లోపుకు దిగగలిగితే నూటికి 11 బదులు 6 అవుతుంది.

మార్చాక వెంటనే గర్భానికి తొందరపడకూడదు. గర్భానికి ముందు కనీసం 9 నెలలు ఫిట్స్ లేకుండా గడిపినవాళ్లలో నూటికి 84 నుంచి 92 మందికి గర్భమంతా ఫిట్స్ రాలేదని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ గడువు దాకా గర్భం రాకుండా చూసుకోవడం కూడా చికిత్సలో భాగమే. ఒక జాగ్రత్త ఉంది. కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫీనోబార్బిటోన్ వాడేవాళ్లకు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. వాళ్లకు కాపర్-టి లాంటివి నయం.

గర్భం వచ్చాక మరో మలుపు ఉంటుంది. మొదటి నెలల నుంచే కిడ్నీలకు రక్తప్రవాహం పెరిగి లెవెటిరాసెటమ్ తొందరగా బయటికి పోతుంది. ఈస్ట్రోజన్ పెరిగి లివర్ లామోట్రిజిన్‌ను వేగంగా కరిగిస్తుంది. మాత్ర రోజూ వేసుకుంటున్నా రక్తంలో మందు సగానికి పడిపోవచ్చు. అందుకే గర్భానికి ముందే ఒకసారి రక్తంలో మందు స్థాయి చూసి రాసి పెట్టుకోవాలి. ఆ తర్వాత అప్పుడప్పుడు పరీక్షించి, మొదటి అంకెలో మూడింట రెండొంతుల కన్నా దిగితే మోతాదు పెంచాలి. పరీక్షకు వీల్లేని చోట ఫిట్స్ జాడను బట్టి డాక్టరు పెంచుతారు. “కడుపుతో ఉన్నప్పుడు డోసు పెంచుడేంది” అని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. ఒంట్లో తగ్గిపోయినదాన్ని భర్తీ చేయడమే తప్ప అది అదనం కాదు. కాన్పయ్యాక రెండు మూడు వారాల్లో ఆ పెంచినదాన్ని మళ్లీ దించాలి. లేకపోతే తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం మొదలవుతాయి. ఈ మందులతో తల్లి పాలివ్వవచ్చు.

భీమవరం బిడ్డ చేతి చలువ

ఇక ఫోలిక్ యాసిడ్ మాట. దీనికి తెలుగువాళ్లతో దగ్గరి బంధముంది. 1928 నుంచి బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్ట్ సారంలో ఉన్న ఏదో పదార్థం దాన్ని నయం చేస్తోందని కనిపెట్టింది. ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. న్యూయార్క్ దగ్గరి లెడర్లే ప్రయోగశాలలో 1945లో అది సాధ్యమైంది. అదే ఫోలిక్ యాసిడ్.

అదే బృందం దానికి విరుగుడు పదార్థాలను కూడా తయారుచేసింది. మొదట ఎమినోప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్. ఫోలిక్ పదార్థాలు కొందరు పిల్లల్లో రక్తక్యాన్సర్‌ను ఎగదోస్తున్నాయేమోనని అనుమానించిన బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ఈ విరుగుడును 1948లో వాడి ఆ క్యాన్సర్‌ను కొంతకాలం వెనక్కి నెట్టాడు. 1950ల తొలినాళ్లలో ఎమినోప్టెరిన్‌ను గర్భస్రావం కోసం వాడినప్పుడు, గర్భం నిలిచిన చోట బిడ్డలు వికృతంగా పుట్టారు. అంటే విడిపోయి పెరిగే కణానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది అందకపోతే పిండం దెబ్బతింటుంది. అదే సమయంలో, పెరగకూడని కణం కూడా దాన్ని వాడుకోగలదు. మోతాదు గురించి ఇవాళ జరుగుతున్న చర్చంతా ఈ రెండు వాక్యాల మధ్యే ఉంది.

400 మైక్రోగ్రాములా, 5 మిల్లీగ్రాములా?

గర్భానికి ముందు నుంచి వేసుకునే ఫోలిక్ యాసిడ్ న్యూరల్ ట్యూబ్ లోపాలను తగ్గిస్తుందని తిరుగులేకుండా నిరూపించింది 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రకటించిన ప్రయోగం. అంతకుముందు అలాంటి లోపంతో బిడ్డను కన్న తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇచ్చారు. మళ్లీ లోపంతో ఏర్పడ్డ 27 గర్భాల్లో ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవాళ్లవి 6, తీసుకోనివాళ్లవి 21. ముప్పు 72 శాతం తగ్గింది. మరుసటి ఏడాది హంగరీ ప్రయోగం, అంతకుముందు ఏ లోపమూ లేని తల్లుల్లో 0.8 మిల్లీగ్రామే సరిపోయిందని చూపింది. అలా మామూలు తల్లులకు 400 మైక్రోగ్రాములు, లోపమున్న బిడ్డను ఇదివరకు కన్నవాళ్లకు 4 లేదా 5 మిల్లీగ్రాములు అన్న పద్ధతి స్థిరపడింది.

ఫిట్స్ మందులు వాడేవాళ్లను ఏ వరసలో నిలబెట్టాలి? 1991 ప్రయోగంలో మూర్ఛ జబ్బున్న స్త్రీలను చేర్చుకోనే లేదు. ఫెనిటాయిన్, ఫీనోబార్బిటోన్ రక్తంలో ఫోలేట్‌ను తగ్గిస్తాయి కాబట్టి, వాల్‌ప్రోయేట్ న్యూరల్ ట్యూబ్ లోపాలను తెస్తుంది కాబట్టి, పెద్ద మోతాదు మంచిదనుకున్నారు. అది సబబైన ఊహ. బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం ఇప్పటికీ 5 మిల్లీగ్రాములే చెబుతోంది. అమెరికా న్యూరాలజిస్టుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకం మాత్రం కనీసం 0.4 మిల్లీగ్రామ్ ఉండాలని చెప్పి ఆగింది. అంతకుమించి ఎంత అనడానికి గట్టి ఆధారం లేదు.

ఈ తేడాకు కారణాలున్నాయి. ఒకటి, ఫోలిక్ యాసిడ్ వాల్‌ప్రోయేట్‌కు విరుగుడు కాదు. ఆ మందు జన్యువులు తెరుచుకునే, మూసుకునే తీరునే మారుస్తుంది. ఫోలేట్ పోసినంత మాత్రాన ఆ పని ఆగదు. 2009లో బ్రిటన్ రిజిస్టర్ పరిశీలిస్తే, గర్భానికి ముందే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టిన మూర్ఛ రోగుల్లో పెద్ద లోపాలు తగ్గినట్టు కనిపించలేదు. అయితే నీడ్ అధ్యయనంలో, గర్భం ధరించే రోజుల్లో ఫోలిక్ యాసిడ్ వేసుకున్న తల్లుల పిల్లల ఐక్యూ సగటు 108, వేసుకోనివాళ్ల పిల్లలది 101. కాబట్టి వేసుకోవడం మాత్రం తప్పనిసరి.

రెండోది, డెన్మార్క్, నార్వే, స్వీడన్ రికార్డులు చూసి 2022లో ప్రకటించిన ఫలితం. మూర్ఛ జబ్బుతో ఉండి రోజుకు ఒక మిల్లీగ్రామ్ దాటి ఫోలిక్ యాసిడ్ వాడిన తల్లుల పిల్లల్లో క్యాన్సర్ నూటికి 1.4, వాడనివాళ్ల పిల్లల్లో 0.6 అని తేలింది. క్యాన్సర్ వచ్చిన పిల్లల సంఖ్య చిన్నది. పెద్ద మోతాదే కారణమని ఇది నిరూపించదు. అయినా “విటమినే గదా, ఎంత ఎక్కువైతే అంత మంచిది” అనే ధైర్యం ఇక చెల్లదు. మూడోది, పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ ఫెనిటాయిన్, ఫీనోబార్బిటోన్ స్థాయిలను తగ్గించి ఫిట్స్ రప్పించగలదు. బి12 తక్కువున్న స్త్రీలో రక్తహీనతను సరిచేసి, నరాలకు జరిగే నష్టాన్ని కప్పిపుచ్చగలదు. అందుకే ముందు బి12 చూసుకోవడం మంచిది.

మన మెడికల్ షాపుల్లో సులువుగా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర. అది 400 మైక్రోగ్రాములకు పన్నెండున్నర రెట్లు. ప్రభుత్వ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. గర్భిణులకు దాన్ని రోజూ ఇచ్చేది నాలుగో నెల నుంచి, రక్తహీనత కోసం. న్యూరల్ ట్యూబ్‌కు అది అందదు. గర్భానికి ముందు నుంచి మూడో నెల దాకా రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని కూడా ప్రభుత్వ మార్గదర్శకంలో ఉంది. మన బస్తీల్లో ఎవరికీ పెద్దగా తెలియని వాక్యం అదే.

ఇన్నిటినీ కలిపి చూస్తే మన అమ్మాయికి తోవ ఇలా ఉంటుంది. గర్భనిరోధకం ఆపడానికి కనీసం ఒక నెల, వీలైతే మూడు నెలల ముందు ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. లెవెటిరాసెటమ్‌కు మారిపోతే 400 మైక్రోగ్రాముల నుంచి ఒక మిల్లీగ్రామ్ లోపు చాలని కొందరు డాక్టర్లు అంటారు, 5 మిల్లీగ్రాములు రాసేవాళ్లూ ఉంటారు. వాల్‌ప్రోయేట్ తప్పని పరిస్థితి అయితే, లేదా ఇంతకుముందు న్యూరల్ ట్యూబ్ లోపంతో బిడ్డ పుట్టి ఉంటే 5 మిల్లీగ్రాముల వైపే మొగ్గాలి. ఏదైనా 12 వారాలు నిండాక పెద్ద మోతాదును ఆపి చిన్న మోతాదుకు రావాలి. తొమ్మిది నెలలూ 5 మిల్లీగ్రాములు వేసుకుంటూ పోవడానికి కారణం లేదు.

వాడుతుండగానే నెల తప్పితే

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. వాల్‌ప్రోయేట్ వాడుతుండగా రెండో నెల అని తెలుస్తుంది. ఆ రాత్రి మాత్ర మానకూడదు. న్యూరల్ ట్యూబ్ అప్పటికే మూసుకుని ఉంటుంది కాబట్టి మానినా ఆ లోపం విషయంలో ఒరిగేది లేదు, ఫిట్స్ మాత్రం వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో న్యూరాలజిస్టునూ గైనకాలజిస్టునూ కలవాలి. మోతాదు తగ్గించడం, మందు మార్చడం అప్పుడు కూడా కొంత మేలు చేస్తాయి. మెదడు ఎదుగుదలకు ఇంకా ఏడు నెలలున్నాయి. 11 నుంచి 14 వారాల మధ్య ఒక స్కాన్, 18 నుంచి 22 వారాల మధ్య టిఫ్ఫా స్కాన్ చేయించుకోవాలి. వెన్ను, గుండె, పెదవి, కాళ్లు చేతులు అందులో చూస్తారు. ఎక్కువమందికి బిడ్డ బాగున్నాడన్న మాటే వినిపిస్తుంది. తీవ్రమైన లోపం కనబడితే, మెడికల్ బోర్డు తేల్చినప్పుడు 24 వారాల తర్వాత కూడా గర్భం తీయించుకునే అవకాశం 2021 చట్ట సవరణ ఇచ్చింది. ఆ నిర్ణయం ఆమెదే.

మిగతా మందులకూ ఇదే లెక్క

ఈ తూకం ఒక్క ఫిట్స్ మందులకే కాదు. గుండెలో కృత్రిమ వాల్వు ఉన్న స్త్రీ వాడే వార్ఫరిన్ 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ఎముకలను, ముక్కును దెబ్బతీస్తుంది. కానీ చెప్పకుండా ఆపితే వాల్వులో గడ్డ కట్టి తల్లి ప్రాణం పోవచ్చు. రోజుకు 5 మిల్లీగ్రాముల లోపు వాడేవాళ్లలో ఆ ముప్పు తక్కువ. మోతాదును బట్టి ఆ వారాల్లో హెపారిన్ ఇంజెక్షన్లకు మారతారు. బీపీకి వాడే ఎనాలప్రిల్, రామిప్రిల్ రకం మందులు నాలుగో నెల తర్వాత బిడ్డ కిడ్నీలను నష్టపరుస్తాయి. వీటికి బదులు లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఉన్నాయి కాబట్టి మార్చడం తేలిక. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, ముందు చెప్పుకున్న ఫోలిక్ యాసిడ్ విరుగుడే. దాన్ని గర్భానికి నెలల ముందే ఆపాలి. థైరాయిడ్ మాత్ర మాత్రం మానకూడదు సరికదా, గర్భంలో మోతాదు పెంచాల్సి వస్తుంది. ఒక్కో మందుకు ఒక్కో గడువు, ఒక్కో ప్రత్యామ్నాయం. “గర్భంలో మందులు మంచివి కావు” అనే ఒక్క మాటతో ఇవన్నీ కొట్టేయలేం.

తొలి అంకెకే భయపడిపోవడమూ పొరపాటే. హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ వాడిన బోట్స్వానా తల్లుల్లో 426 గర్భాలకు 4 న్యూరల్ ట్యూబ్ లోపాలు కనిపించాయని 2018లో ప్రపంచమంతా ఉలిక్కిపడింది. గర్భాలు వేలల్లో చేరేకొద్దీ ఆ తేడా దాదాపు మాయమైంది. ఇవాళ ఆ మందే గర్భిణులకు మొదటి ఎంపిక.

మన అమ్మాయి తల్లి భయానికి ఇంకో కారణం ఉంది, జబ్బు బయటపడితే సంబంధం తప్పుతుందని. మూర్ఛ ఉంటే పెళ్లికి పనికిరారన్న నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. చట్టం ఏనాడో ఒప్పుకున్నదాన్ని ఇళ్లు ఇంకా దాచిపెడుతున్నాయి. దాచిన మాత్ర వేళకు పడదు. దాచిన జబ్బుకు ముందుచూపు ఉండదు. భర్తకు, అత్తకు తెలిసిన ఇంట్లోనే ఆమె నిద్ర, మాత్రలు, స్కాన్లు సక్రమంగా సాగుతాయి.

కాబట్టి ఈ ఆదివారం మీ ఇంట్లో, మీ వాడకట్టులో ఫిట్స్ మాత్రలు వాడే ఆడపిల్ల ఉంటే ఆ మాత్రల అట్ట తీసి పేరు చదవండి. సోడియం వాల్‌ప్రోయేట్ అనో, డైవాల్‌ప్రోయెక్స్ అనో ఉంటే ఆమెను మాన్పించకండి, న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. పెళ్లికి ముందే వెళ్లండి. డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: ఈ మందు మార్చవచ్చా, మార్చలేకపోతే ఎంతకు తగ్గించవచ్చు, ఫోలిక్ యాసిడ్ ఎంత, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా? ఆ మూడింటికీ జవాబు ఉన్న చీటీ చేతికొచ్చాకే బిడ్డ గురించి ఆలోచించమని ఆమెకు చెప్పండి.